రెండు చివరలూ బిగించిన తీగలో ఆ '2' ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: 60 సెం.మీ. పొడవున్న తీగను రెండు చివరలా బిగించారు, దానిపై తరంగ వేగం సెకనుకు 240 మీటర్లు, మొదటి నాలుగు హరాత్మకాలు కనుక్కోమన్నారు. నేను తరంగదైర్ఘ్యం 60 సెం.మీ. అనుకుని 400 హెర్ట్జ్ అని రాశాను. జవాబు 200తో మొదలవుతుందట. సూత్రంలో 2L ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, ల్యాబ్‌లో సోనామీటర్ ఉక్కు తీగను ఏసీ విద్యుదయస్కాంతంతో కంపింపజేశాం. తీగ మీటరుకు 1.54 గ్రాములు, మొత్తం బరువు 3 కిలోలు, 69 సెం.మీ. దగ్గర బాగా కంపించింది. లెక్క వేస్తే 100 హెర్ట్జ్ వచ్చింది. మెయిన్స్ 50 కదా, ఎక్కడ తప్పు చేశాను?

సమాధానం:

మీ 400 హెర్ట్జ్ అర్థం లేని జవాబు కాదు. అది ఆ తీగకు రెండవ హరాత్మకం. అంటే మీరు ఆ తీగ నిజంగా కంపించగల ఒక పద్ధతినే కనుక్కున్నారు, కానీ అది అన్నిటికంటే కింది మెట్టు కాదు. ల్యాబ్‌లో వచ్చిన 100 సంగతి వేరు. అక్కడ మీ లెక్కలో తప్పేమీ లేదు, తీగ నిజంగానే 100 హెర్ట్జ్‌తో కంపించింది. ఈ రెండింటినీ విడివిడిగా చూద్దాం.

ముందుగా 2L సంగతి. గ్రాఫులూ సైన్ ప్రమేయాలూ కాసేపు పక్కన పెట్టి, తీగ ఎడమ చివర దగ్గర చిన్న కుదుపు ఇచ్చామని అనుకోండి. ఒక్క మూపు లాంటి స్పందం పైకి ఉబ్బి కుడివైపు సాగిపోతుంది. సెకనుకు 240 మీటర్ల వేగంతో 60 సెం.మీ. దాటడానికి దానికి 2.5 మిల్లీసెకన్లు పడుతుంది. కుడి చివర తీగ గట్టిగా బిగించి ఉంది, అక్కడి బిందువు కదలడానికి వీల్లేదు. వచ్చిన స్పందం ఆ బిందువును పైకి లాగుతుంది, బిగింపు అంతే బలంతో తీగను కిందికి లాగుతుంది. ఆ కిందికి లాగడం వల్లే తిరుగు ప్రయాణంలో స్పందం తలకిందులై, మూపుగా వెళ్ళినది గుంటగా వెనక్కి వస్తుంది. మరో 2.5 మిల్లీసెకన్ల తర్వాత అది ఎడమ చివరను చేరి, అక్కడ కూడా అదే కారణంతో మళ్ళీ తలకిందులవుతుంది. రెండుసార్లు తలకిందులైతే మొదటి రూపమే వస్తుంది కాబట్టి, 5 మిల్లీసెకన్ల తర్వాత తీగ మీద మళ్ళీ పైకి ఉబ్బిన మూపు కుడివైపు బయలుదేరుతుంది. అంటే తీగ తన తొలి స్థితికి సరిగ్గా తిరిగి రావడానికి స్పందం ఒక్క L కాదు, రాను పోను 2L ప్రయాణం చేయాలి. మీరు అడిగిన 2 ఈ రాకపోకలదే. 5 మిల్లీసెకన్లకు ఒక ఆవృత్తి అంటే సెకనుకు 200 ఆవృత్తులు, అదే ప్రాథమిక పౌనఃపున్యం.

ఇప్పుడు ఒక్క కుదుపు బదులు ఎడమ చివర దగ్గర మీరు క్రమబద్ధంగా, చాలా స్వల్పంగా ఊపుతూనే ఉన్నారనుకోండి. పంపిన తరంగం 5 మిల్లీసెకన్లలో తిరిగి వచ్చి, మీరు అప్పుడే పంపుతున్న కొత్త తరంగంతో కలుస్తుంది. ఆ 5 మిల్లీసెకన్లలో మీ చేయి పూర్తిగా ఒక ఆవృత్తి ముగించి ఉంటే, పాతదీ కొత్తదీ ఒకే దశలో ఉండి ఒకదానికొకటి బలమిస్తాయి. రెండు ఆవృత్తులు ముగించి ఉన్నా అంతే, అదే మీ 400 హెర్ట్జ్. మూడు ఆవృత్తులైతే 600. అయితే 300 హెర్ట్జ్‌తో ఊపారనుకోండి, ఆ 5 మిల్లీసెకన్లలో ఒకటిన్నర ఆవృత్తులే పూర్తవుతాయి. తిరిగొచ్చిన తరంగం మీ చేతికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది, మీరు పైకి ఎత్తుతుంటే అది కిందికి లాగుతుంది. తీగ కొద్దిగా వణుకుతుందే గాని పెద్ద కంపనం ఏర్పడదు. కాబట్టి షరతు చాలా సూటిగా ఉంది: రాకపోకల కాలం 2L/v లో పూర్ణసంఖ్య n ఆవృత్తులు ఇమడాలి. దాన్ని తిప్పి రాస్తే

f = n × v / (2L), n = 1, 2, 3, …

వస్తుంది. సూత్రం మరిచిపోయినా ఈ రాకపోకల కథ గుర్తుంటే పరీక్ష హాల్లో అర నిమిషంలో తిరిగి రాబట్టుకోవచ్చు.

పుస్తకాల్లో ఇచ్చే రెండో దారి కూడా ఇక్కడికే వస్తుంది. కుడివైపు వెళ్ళే తరంగాన్నీ ఎడమవైపు వెళ్ళే తరంగాన్నీ అధ్యారోపణ సూత్రం ప్రకారం కూడితే

y = 2A sin(kx) cos(ωt)

వస్తుంది. ఇందులో స్థానమూ కాలమూ విడిపోయాయి, కాబట్టి ఆకృతి ముందుకు కదలదు, ప్రతి బిందువూ ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. ఎడమ చివర x = 0 దగ్గర సైన్ విలువ తనంతట తానే సున్నా. కుడి చివర x = L దగ్గర కూడా సున్నా కావాలంటే kL అనేది π కు పూర్ణ గుణిజం కావాలి. k అంటే 2π/λ కాబట్టి λ = 2L/n. అంటే తీగ పొడవులో అర తరంగదైర్ఘ్యాలు పూర్ణసంఖ్యలో పట్టాలి. పూర్తి తరంగదైర్ఘ్యాలే పట్టాలన్న నియమం ఎక్కడా లేదు.

మీరు 60 సెం.మీ.ను ఒక పూర్తి తరంగం అనుకోవడానికి కారణం, నా అనుమానం నిజమైతే, పుస్తకంలోని బొమ్మే. ప్రాథమిక కంపనాన్ని చూపేటప్పుడు పైకి వంగిన ఒక గీత, కిందికి వంగిన ఒక గీత, రెండూ కలిపి కందిబద్ద ఆకారంలో గీస్తారు. చూసిన కంటికి అందులో శృంగమూ ద్రోణీ రెండూ కనిపిస్తాయి కాబట్టి పూర్తి తరంగం అనిపిస్తుంది. నిజానికి ఆ రెండు గీతలూ ఒకే క్షణానివి కావు. ఒకటి తీగ పైకి పోయినప్పటిది, రెండోది అర ఆవృత్తి తర్వాత కిందికి వచ్చినప్పటిది. ఏ ఒక్క క్షణంలోనైనా తీగ మీద ఉండేది ఒక వంపు మాత్రమే, అంటే అర తరంగమే. అందుకే ఒక ఉచ్చు అంటే ఎప్పుడూ λ/2. పక్కపక్కనున్న రెండు అస్పందన బిందువుల మధ్య దూరం కూడా అదే. లెక్క చేసేటప్పుడు కింది గీతను చేత్తో మూసి చూడండి, ఈ పొరపాటు మళ్ళీ జరగదు.

ఇక మీ లెక్క. ఒక ఉచ్చుతో కంపిస్తే తరంగదైర్ఘ్యం 120 సెం.మీ., పౌనఃపున్యం 240/1.2 = 200 హెర్ట్జ్. రెండు ఉచ్చులైతే తరంగదైర్ఘ్యం 60 సెం.మీ., పౌనఃపున్యం 400. మూడైతే 40 సెం.మీ., 600 హెర్ట్జ్. నాలుగైతే 30 సెం.మీ., 800 హెర్ట్జ్. మూడు ఉచ్చుల కంపనంలో చివరలు కాక 20, 40 సెం.మీ. దగ్గర తీగ నిశ్చలంగా ఉంటుంది. నాలుగింటిలో 15, 30, 45 సెం.మీ. దగ్గర ఉంటుంది. పేర్ల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. ప్రాథమికమే మొదటి హరాత్మకం, దాని పైన వచ్చే 400 రెండవ హరాత్మకం, కానీ మొదటి అతిస్వరం. ప్రశ్నలో 'మూడవ అతిస్వరం' అని ఉంటే n విలువ 3 కాదు, 4. ప్రశ్నపత్రం కూర్చేవారికి ఈ తేడా మీద మోజు ఎక్కువ.

తరంగ వేగం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే చాలామంది సూత్రంలో v కనబడగానే గాలిలో ధ్వని వేగాన్ని తెచ్చి పెడతారు. ఇక్కడి v తీగ వెంట పరిగెత్తే తిర్యక్ తరంగానిది. దాన్ని నిర్ణయించేవి తీగలోని తన్యత T, మీటరు తీగ ద్రవ్యరాశి μ మాత్రమే: v = √(T/μ). గాలికి ఇందులో పాత్ర లేదు. ఎన్ని ఉచ్చులున్నాయన్న దానికీ పాత్ర లేదు, అందుకే అన్ని హరాత్మకాలకూ ఒకే v వాడి 1, 2, 3 నిష్పత్తి పొందగలుగుతున్నాం. ఉదాహరణకు వయొలిన్ తీసుకోండి. దాని తీగలో కంపించే భాగం సుమారు 32.5 సెం.మీ. ఒక తీగను పాశ్చాత్య పద్ధతిలో 440 హెర్ట్జ్‌కు శృతి చేస్తే, తీగ మీద తరంగదైర్ఘ్యం 65 సెం.మీ., వేగం 0.65 × 440 = సెకనుకు 286 మీటర్లు. అదే ధ్వని గాలిలోకి వచ్చాక సెకనుకు 343 మీటర్ల వేగంతో పోతుంది, తరంగదైర్ఘ్యం 78 సెం.మీ. అవుతుంది. యానకం మారితే వేగమూ తరంగదైర్ఘ్యమూ మారతాయి, పౌనఃపున్యం మాత్రం మారదు, ఎందుకంటే తీగ ఒకసారి ఊగితే గాలి కూడా ఒక్కసారే ఊగుతుంది.

అదే తీగను వేలితో నొక్కి కంపించే పొడవును తగ్గిస్తే v దాదాపు అలాగే ఉండి, L తగ్గినందువల్ల పౌనఃపున్యం పెరుగుతుంది. మర తిప్పి బిగిస్తే L అలాగే ఉండి, v పెరిగినందువల్ల పౌనఃపున్యం పెరుగుతుంది. ఈ రెండో సందర్భంలో తరంగదైర్ఘ్యం మారదని గమనించండి, ఎందుకంటే తీగ మీద తరంగదైర్ఘ్యాన్ని నిర్ణయించేది పొడవే. వీణలో ఈ రెండు ప్రభావాలూ కలిసి కనిపిస్తాయి. 24 మెట్లలో పన్నెండవ మెట్టు పై షడ్జమానిది. సూత్రం ప్రకారం అది సరిగ్గా సగం పొడవు దగ్గర ఉండాలి. కానీ తీగను మెట్టు మీదికి నొక్కినప్పుడు అది కొద్దిగా సాగి తన్యత పెరుగుతుంది, దానితో v కూడా కొద్దిగా పెరుగుతుంది. అందుకే మెట్లను మైనంలో నిలిపేవారు కొలబద్దతో సరిపెట్టుకోకుండా చెవితో సరిచూస్తారు.

ఇంతదాకా వచ్చాం కాబట్టి ఎదురు దిశలో అడిగే లెక్క కూడా చెబుతాను, పరీక్షల్లో అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 50 సెం.మీ. తీగ 480 హెర్ట్జ్ దగ్గర, తర్వాత 640 హెర్ట్జ్ దగ్గర అనునాదం చూపింది, మధ్యలో మరేదీ లేదు అన్నారనుకోండి. n ఎంతో చెప్పలేదని కంగారు పడనక్కరలేదు. పక్కపక్క హరాత్మకాల మధ్య తేడా ఎప్పుడూ v/2L, అంటే ప్రాథమిక పౌనఃపున్యమే. ఇక్కడ తేడా 160 హెర్ట్జ్, కాబట్టి v = 2 × 0.5 × 160 = సెకనుకు 160 మీటర్లు. ఇక్కడితో ఆగకుండా 480ని 160తో భాగించి చూడాలి, 3 వస్తుంది. 640ని భాగిస్తే 4. రెండూ పూర్ణసంఖ్యలే కాబట్టి అవి మూడవ, నాలుగవ హరాత్మకాలు. అదే 400, 560 అని ఇచ్చి ఉంటే తేడా మళ్ళీ 160 వస్తుంది, కానీ 400ను 160తో భాగిస్తే 2.5 వస్తుంది. అప్పుడు ఆ తీగ రెండు చివరలా బిగించినది కాదని అర్థం. ఒక చివర స్వేచ్ఛగా ఉన్న తీగకు బేసి గుణిజాలు మాత్రమే ఉంటాయి, 400, 560 అనేవి 80కి అయిదు రెట్లు, ఏడు రెట్లు. తేడా చూడగానే జవాబు రాసేసి భాగించి చూడనివారు ఇక్కడే చిక్కుతారు.

ఈ సూత్రానికి హద్దు ఎక్కడో చూపే ఉదాహరణ మన వాద్యాల్లోనే ఉంది. తీగను సరిగ్గా మధ్యలో మీటితే, మధ్యబిందువు అస్పందన బిందువుగా ఉండాల్సిన 2, 4, 6 హరాత్మకాలు పుట్టకూడదు. 1800లో థామస్ యంగ్ చెప్పిన నియమం ఇది, రెండు చివరలూ నిజంగా కదలని బిందువులైతే అది తప్పక పాటింపబడాలి. అయితే తంబురాలోనూ వీణలోనూ అలా మీటినప్పుడు లేకుండా పోవాల్సిన హరాత్మకాలు కూడా స్పష్టంగా వినిపిస్తాయని సి.వి. రామన్ 1921లో కలకత్తా నుంచి ప్రకటించిన వ్యాసంలో చూపారు. కారణం ఆ వాద్యాల బ్రిడ్జి. వయొలిన్ బ్రిడ్జిలా అది సన్నని అంచు కాదు, మెల్లగా వాలిన వెడల్పాటి తలం. తీగ ఊగినప్పుడల్లా ఆ తలాన్ని కొంతమేర తాకుతూ, మళ్ళీ విడిపోతూ ఉంటుంది. అంటే 'చివర' ఒకచోట నిలవక, ప్రతి ఆవృత్తిలోనూ కొద్దిగా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. తంబురాలో బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే దారపు పోగు పని ఈ తాకిడిని చక్కగా కుదర్చడమే. కదలని చివరలన్న షరతు సడలిన చోట దాని మీద ఆధారపడిన ఫలితమూ సడలింది. సోనామీటర్‌లో చెక్క బ్రిడ్జిలకు పదునైన అంచు ఉండేది ఇందుకే, అక్కడ L ఎంతో సందేహం లేకుండా కొలవవచ్చు.

ఇప్పుడు మీ ల్యాబ్ ప్రయోగం. ముందు మీ అంకెల్ని నేనూ వేసి చూశాను. తన్యత 3 × 9.8 = 29.4 న్యూటన్లు. μ = 0.00154 కి.గ్రా./మీ. కాబట్టి వేగం √(29.4/0.00154), సుమారు సెకనుకు 138 మీటర్లు. ఒక్క ఉచ్చుతో కంపించే 69 సెం.మీ. తీగకు f = 138/1.38 = 100 హెర్ట్జ్. లెక్క సరిగ్గా ఉంది. మెయిన్స్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్ అన్నదీ నిజమే. రెండింటికీ పొంతన విద్యుదయస్కాంతం పనిచేసే తీరులో ఉంది.

ఏసీ ప్రవాహం ఒక ఆవృత్తిలో ఒకసారి ఒక దిశలో, మరోసారి ఎదురు దిశలో గరిష్ఠమవుతుంది. దాన్ని బట్టి విద్యుదయస్కాంతం కొన ఒకసారి ఉత్తర ధ్రువం, ఒకసారి దక్షిణ ధ్రువం అవుతుంది. కానీ మీ ఉక్కు తీగ అయస్కాంతం కాదు. ఏ ధ్రువం ఎదురైనా దానికి ఆకర్షణే గాని వికర్షణ లేదు. కాబట్టి మెయిన్స్ ఒక ఆవృత్తి పూర్తి చేసేలోగా తీగ రెండుసార్లు లాగబడి, రెండుసార్లు వదలబడుతుంది. బలం ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుందన్నా ఇదే అర్థం, సైన్ వర్గం పౌనఃపున్యం సైన్ పౌనఃపున్యానికి రెట్టింపు కదా. అందువల్ల తీగ 100 హెర్ట్జ్‌తో కంపిస్తుంది, మెయిన్స్ పౌనఃపున్యం కావాలంటే వచ్చిన విలువను రెండుతో భాగించాలి. మీ తీగే 50 హెర్ట్జ్ దగ్గర ఒక్క ఉచ్చుతో కంపించాలంటే 138 సెం.మీ. పొడవు కావాలి, మీటరు పొడవుండే సోనామీటర్ పెట్టె మీద అది ఎలాగూ పట్టదు.

ఈ ప్రయోగంలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది 100 వచ్చిన రికార్డు కాదు, నేరుగా 50 వచ్చిన రికార్డు. నేను ల్యాబ్ చూసిన రోజుల్లో అలాంటివి ప్రతి ఏడాదీ రెండు మూడు వచ్చేవి. వాళ్ళు తీగను తూచకుండా స్క్రూగేజితో వ్యాసం కొలిచి μ లెక్కగట్టేవారు. వ్యాసం 0.5 మి.మీ. వచ్చేది, దాన్నే వ్యాసార్ధంగా సూత్రంలో వేసేవారు. దాంతో వైశాల్యం నాలుగు రెట్లై μ కూడా నాలుగు రెట్లయ్యేది, వేగం సగానికి పడేది, పౌనఃపున్యం సరిగ్గా 50 వచ్చేది. రెండుతో భాగించడం మరిచిన తప్పు, వ్యాసార్ధం తప్పు, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 'సరైన' జవాబు ఇచ్చేవి. వాళ్ళను నమ్మించడం 100 వచ్చినవారిని నమ్మించడం కంటే కష్టంగా ఉండేది. దీన్ని పట్టుకోవడానికి దారి ఏమిటంటే ఆ తీగ మీటరు ముక్కను తూచి చూడడమే. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7850 కి.గ్రా. ప్రకారం అర మిల్లీమీటరు తీగ మీటరుకు గ్రామున్నరకు కాస్త పైన తూగుతుంది, ఆరు గ్రాములు తూగదు. మీరు నేరుగా తూచిన విలువ వాడారు, కాబట్టి మీకు ఈ భయం లేదు.

మిగిలిన తప్పులు కూడా వచ్చిన అంకెను చూసి గుర్తుపట్టగలిగేవే. కిలోలను న్యూటన్లలోకి మార్చడం మరిచిపోతే మీకు 32 హెర్ట్జ్ వచ్చేది. అర కిలో హ్యాంగర్‌ను లెక్కలో కలపకపోతే 91 వచ్చేది. తీగ మొత్తం పొడవు కాక రెండు బ్రిడ్జిల అంచుల మధ్య దూరాన్నే L గా తీసుకున్నారా అన్నది కూడా ఒకసారి సరిచూసుకోండి. కప్పీ బిగుసుకుపోతే బరువు మొత్తం తీగ తన్యతగా మారదు, అప్పుడు బరువులు పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి కొలిస్తే రెండు వేర్వేరు పొడవులు వస్తాయి. ఆ తేడాయే కప్పీని పట్టిస్తుంది.

ఇంకొక సందేహం ఎవరికైనా రావచ్చు: 69 సెం.మీ. దగ్గర తీగ ఒక్క ఉచ్చుతోనే కంపించిందని ఎలా తెలుసు? కంటికి కనిపించే మసకను నమ్మవద్దు. వి ఆకారంలో మడిచిన చిన్న కాగితపు రైడర్‌ను తీగ మధ్యలో పెట్టండి. ఒక్క ఉచ్చు అయితే అక్కడ కంపన పరిమితి గరిష్ఠం కాబట్టి కాగితం ఎగిరి పడుతుంది. రెండు ఉచ్చులైతే మధ్యలో అస్పందన బిందువు ఉంటుంది, కాగితం అక్కడే కూర్చుంటుంది, నాలుగో వంతు దూరంలో పెట్టినది మాత్రం పడిపోతుంది. ఇది చాలా పాత ఉపాయం. ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఇలాంటి కాగితపు ముక్కల పరీక్షను జాన్ వాలిస్ 1677లోనే రాయల్ సొసైటీ పత్రికకు రాసి పంపారు. విద్యుదయస్కాంతం ఎక్కడ ఉందో కూడా చూడండి. అది సరిగ్గా తీగ మధ్యన ఉంటే రెండు ఉచ్చుల కంపనాన్ని లేపలేదు, కదలని బిందువు దగ్గర లాగి ప్రయోజనం ఉండదు కాబట్టి.

తీగ నిజంగా 50 హెర్ట్జ్‌తోనే కంపించడం చూడాలని ఉంటే విద్యుదయస్కాంతాన్ని తీసేసి, తీగ మధ్యభాగం గుర్రపునాడా అయస్కాంతం ధ్రువాల నడుమ ఉండేలా అమర్చి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తక్కువ వోల్టేజి ఏసీని తీగ గుండానే పంపండి. ఇప్పుడు బలం ప్రవాహానికే అనుపాతంలో ఉంటుంది, దాని వర్గానికి కాదు. ప్రవాహం దిశ మారితే బలం దిశ కూడా మారుతుంది. కాబట్టి మెయిన్స్ ఒక ఆవృత్తికి తీగ కూడా ఒక్క ఆవృత్తే చేస్తుంది. ఈ పద్ధతికి ఉక్కు తీగకు బదులు అయస్కాంతం ఆకర్షించని ఇత్తడి తీగ వాడితే మేలు. అయితే మీటరుకు అదే 1.54 గ్రాములు తూగే తీగను ఎంచుకున్నారనుకుంటే, 1 కిలో బరువుకు వేగం సెకనుకు సుమారు 80 మీటర్లు అవుతుంది. ఒక్క ఉచ్చుకు కావలసిన పొడవు 80 సెం.మీ.కు కాస్త తక్కువ, పెట్టె మీద సులువుగా పడుతుంది.

మీ పాత అమరికతోనే రికార్డు పూర్తి చేయాలంటే ఒక్క 3 కిలోల కొలత చాలదు. హ్యాంగర్‌తో కలిపి 1, 2, 4 కిలోలకు కూడా అనునాద పొడవులు తీసుకోండి. మీ తీగకు అవి సుమారు 39.9, 56.4, 79.8 సెం.మీ. దగ్గర రావాలి. పొడవు వర్గాన్ని బరువుకు ఎదురుగా గీస్తే మూలబిందువు గుండా పోయే సరళరేఖ రావాలి. రేఖ సరళంగానే ఉండి మూలబిందువును తప్పిందంటే హ్యాంగర్ బరువు లెక్కలోకి రాలేదన్నమాట. రేఖ వాలు నుంచి తీగ పౌనఃపున్యం కట్టి, పక్కనే 'తీగ 100 హెర్ట్జ్, మెయిన్స్ దానిలో సగం, 50 హెర్ట్జ్' అని రెండు విలువలూ విడివిడిగా రాయండి.